సెర్చ్‌లో సున్నా వస్తే సరిపోదు

"టిన్‌ఐలో సున్నా వచ్చింది అన్నా, ఇక ప్రింటుకి పంపేద్దాం." ఏఐతో చేసిన బొమ్మ చేతిలో పెట్టుకుని బెంగళూరు డిజైన్ ఆఫీసుల్లో కుర్రాళ్ళు ఈమధ్య తరచూ అంటున్న మాట ఇది. బొమ్మని టిన్‌ఐ లాంటి రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో పెడతారు, అలాంటిది ఇంకెక్కడా లేదని రాగానే తనిఖీ అయిపోయిందనుకుంటారు. ఆ సెర్చ్ చెయ్యొద్దని నేననను. నా పేచీ అంతా దాని జవాబుని దేనికి జవాబుగా తీసుకుంటున్నారన్న దానిమీదే. ఈ ఫైలు గానీ, దీన్ని కాస్త మార్చిన రూపం గానీ నెట్‌లో ఇంకెక్కడైనా ఉందా అన్నంతవరకే టిన్‌ఐ చెప్పగలదు. రేపు ఎవరైనా నోటీసు పంపితే అడిగే ప్రశ్న వేరు. దీన్ని చూసిన జనం ఏమనుకుంటారు అని అడుగుతారు.

నేను చూసే పని ఆర్ట్‌వర్క్ చెకింగ్. బెంగళూరు పీణ్యలో పౌచ్‌లు ప్రింటయ్యే ముందు డిజైన్ నా బల్ల మీదికి వస్తుంది. నూనె, పిండి, పొడుల పౌచ్‌లు ఎక్కువగా గ్రావ్యూర్‌లో ప్రింటవుతాయి. రంగుకొక సిలిండర్ చెక్కించాలి, ఒక్కోదానికి వేల రూపాయలవుతుంది. చెక్కాక ఒక ముఖం మార్చాలన్నా, ఒక సూర్యుణ్ణి తీసేయాలన్నా దాదాపు అన్ని సిలిండర్లూ మళ్ళీ చేయించుకోవాల్సిందే, ఎందుకంటే ఫొటోలాంటి బొమ్మలో ప్రతి రంగూ ప్రతిచోటా కలిసి ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ పోస్టయితే సాయంత్రం డిలీట్ కొట్టేసి ఊరుకోవచ్చు. షాపుల అరల్లోకి వెళ్ళిపోయిన పౌచ్‌ని అలా వెనక్కి తెచ్చుకోలేం.

ఒక కేసు చెబుతాను. పేర్లు, గుర్తుపట్టే వివరాలు మార్చాను. హిందూపురం దగ్గర గానుగ పెట్టుకున్న ఒకాయన శనక్కాయ నూనెని లీటరు పౌచ్‌లో అటు అనంతపురం వైపూ, ఇటు చిక్కబళ్ళాపురం మీదుగా బెంగళూరు దాకా అమ్మాలనుకున్నాడు. డిజైనర్ గుంటూరు కుర్రాడు, పనిమంతుడు. అతను చేయించిన బొమ్మ చూడటానికి చాలా బాగుంది. వెనక సగం పైకి లేచిన సూర్యుడు, పెంకుటిల్లు, కుడివైపు నడుం మీద బిందె పెట్టుకుని నవ్వుతున్న ముసలావిడ, ఎడంవైపు తలపాగా చుట్టుకున్న రైతు, రెండు ఎడ్లు, కింద పచ్చటి చాళ్ళు, పైన ఎర్ర రిబ్బన్ మీద తెల్లక్షరాల్లో పేరు. టిన్‌ఐలో ఒక్క ఫలితం కూడా రాలేదు. గూగుల్ లెన్స్‌లో వేలకొద్దీ పల్లెటూరి బొమ్మలొచ్చాయి, వాటిలో ఒక్కటీ ఇది కాదు.

ఇది ఊహించగలిగిందే. 2023లో కొందరు పరిశోధకులు స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మలు వేసే ఏఐ మోడల్ మీద ఒక ప్రయోగం చేశారు. శిక్షణ డేటాలో ఎక్కువసార్లు పునరావృతమైన బొమ్మలని ఎంచుకుని, వాటి వివరణలనే ప్రాంప్టులుగా ఇచ్చి 17.5 కోట్ల బొమ్మలు పుట్టించి చూశారు. అసలు బొమ్మకి దాదాపు అచ్చు నకలుగా వచ్చినవి వంద అటూ ఇటూ. అంటే నకలు రావడమన్నది ఉంది, కానీ అరుదు. అది కూడా ఎక్కువగా నెట్‌లో పదేపదే కనబడే బొమ్మల విషయంలోనే. మరి రోజూ వచ్చేదేమిటి? పోలిక. "ఇండియన్ వంటనూనె పౌచ్, పల్లె వాతావరణం, ప్రీమియం" అని అడిగితే మోడల్ కొత్తగా ఆలోచించదు. అలాంటి మాటలతో కలిసి తను ఎక్కువగా చూసినవాటి వైపే వాలుతుంది. ఎక్కువగా కనబడేవి ఎవరివి? ఎప్పటినుంచో అమ్ముడవుతున్న బ్రాండ్లవి, ఎప్పటినుంచో తెరమీద కనబడుతున్న ముఖాలవి. మనం పేరు పెట్టి అడగకపోయినా అవి వచ్చి కూర్చుంటాయి. కాబట్టి అరుదైన నకలు కోసం వెతికి, రోజూ వచ్చే పోలికని వదిలేసే తనిఖీని నేను తనిఖీ అననుగాక అనను.

ట్రేడ్‌మార్క్ సంగతి ముందు చూద్దాం. సుప్రీంకోర్టు 1972లో ఇచ్చిన తీర్పొకటి ఈ పనిలో ఉన్న ప్రతివాళ్ళూ ఒకసారి చదవాలి. పార్లే కంపెనీకీ, మైసూరుకి చెందిన జె.పి. అండ్ కో అనే బిస్కెట్ల కంపెనీకీ మధ్య జరిగిన కేసది. పార్లే గ్లూకో రేపర్ మీద పాకలు, చెట్లు, ఆవులు, కోళ్ళ మధ్య బిందె పట్టుకున్న అమ్మాయి ఉంటుంది. మైసూరు వాళ్ళ రేపర్ మీద అమ్మాయి నెత్తిన గడ్డిమోపు, పక్కన ఆవు, కోళ్ళు. పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు బోలెడు కనబడతాయి. కింది కోర్టులు ఆ తేడాలు చూసే కేసు కొట్టేశాయి. సుప్రీంకోర్టు అలా పక్కపక్కన పెట్టి చూడకూడదంది. మొత్తం మీద కనబడే తీరు, రంగులు, అమరిక ఒకేలా ఉండి, ఒకటి కొనే అలవాటున్న మనిషి రెండోదాన్ని అదేననుకుని తీసుకునేలా ఉంటే చాలు, అది ఉల్లంఘనే అంది. అంతకు పదేళ్ళ ముందు, 1962లో, అమృతధార, లక్ష్మణధార అనే మందుల పేర్ల కేసులోనూ ఇదే కొలత. సగటు తెలివితేటలు, సగం సగం జ్ఞాపకం ఉన్న కొనుగోలుదారు ఎలా చూస్తాడన్నదే లెక్క.

ఆ సగం జ్ఞాపకాన్ని ఏ సెర్చ్ ఇంజనూ కొలవలేదు. పాకకి పెంకుటిల్లు, గడ్డిమోపుకి బిందె పెడితే టిన్‌ఐకి అవి రెండు వేర్వేరు ఫైళ్ళు. అరలో చెయ్యి పెట్టే మనిషికి అవి ఒకటే కావచ్చు.

రిజిస్ట్రీలో వెతకాలా? వెతకాలి. ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ పబ్లిక్ సెర్చ్‌లో మాటలతో, ఉచ్చారణతో, వియన్నా కోడ్‌తో వెతకొచ్చు. మన డిజైనర్లలో చాలామందికి ఈ మూడోదాని సంగతే తెలీదు. బొమ్మల్లోని వస్తువులకి అంతర్జాతీయంగా అంకెలిచ్చారు. ఉదయిస్తున్న, అస్తమిస్తున్న సూర్యుడికి 1.3.1. సెర్చ్‌లో ఆరంకెలుగా 010301 అని కొట్టి, వంటనూనెలుండే 29వ తరగతి ఎంచుకుంటే, సూర్యుడి బొమ్మతో నమోదుకి వచ్చిన మార్కులు వరసగా వస్తాయి. ప్రతిదాని పక్కనా స్టేటస్ ఉంటుంది. రిజిస్టర్డ్ అని ఉన్నవాటినే కాదు, ఆబ్జెక్టెడ్, ఆపోజ్డ్ అని ఉన్నవాటినీ నేను చూస్తాను. దరఖాస్తు ఇంకా తేలకపోయినా మార్కెట్లో వాడుతూ ఉండొచ్చు. మన బొమ్మకి సూర్యుడితోనూ, స్త్రీలకిచ్చిన 2.3 విభాగంలోని కోడ్‌లతోనూ వెతికాను. నన్ను ఆపేంతటిది దొరకలేదు.

దొరకనిది దొరికింది హిందూపురంలో, ఒక కిరాణా కొట్టులో. సరుకు ఎక్కడ అమ్ముడవుతుందో అక్కడి అరని చూడకుండా నేను సంతకం పెట్టను. డిజైన్‌ని అసలు సైజులో కలర్ ప్రింట్ తీసి, ఖాళీ పౌచ్‌కి అతికించి, క్లయింటు తమ్ముడి చేత పంపించాను. కొట్టతనికి ఏమీ చెప్పొద్దని, అరలో మిగతా నూనె ప్యాకెట్ల మధ్య పెట్టనివ్వమని మాత్రమే అడగమన్నాను. ఆ కుర్రాడు పౌచ్ సంచిలోంచి తీశాడో లేదో, కొట్టాయన చూసి అన్నాడట: "ఏమబ్బా, వీళ్ళు ప్యాకెట్ మార్చినారా?"

"వీళ్ళు" ఎవరు? ఆ రెండు మూడు జిల్లాల్లో మాత్రమే అమ్ముడయ్యే పాత నూనె బ్రాండు ఒకటుంది. సగం సూర్యుడు, కింద పచ్చ చాళ్ళు, ఎర్ర రిబ్బన్ మీద తెల్ల పేరు. కుడివైపు బిందె బదులు చాటతో ఒక ఆడమనిషి. తర్వాత రిజిస్ట్రీలో ఆ పేరుతోనే వెతికితే మాట ఒక్కటే 29వ తరగతిలో నమోదై ఉంది, బొమ్మ లేదు. అందుకే వియన్నా కోడ్‌కి అది చిక్కలేదు. బొమ్మ నమోదు కాలేదని మనం బతికిపోయినట్టు కాదు. నమోదు లేకపోయినా, ఏళ్ళ తరబడి వాడి సంపాదించుకున్న పేరుని ఇంకొకరు తమదిగా చెలామణీ చేస్తే దావా వేసే హక్కుని ట్రేడ్‌మార్క్స్ చట్టం 27(2) సెక్షన్ అలాగే ఉంచింది. లాయర్లు పాసింగ్ ఆఫ్ అంటారు. ప్యాకెట్ రంగుల కూర్పుకి కూడా ఇది వర్తిస్తుంది. పళ్ళపొడి డబ్బా మీది ఎరుపు, తెలుపు కూర్పు విషయంలో కోల్గేట్ వేసిన కేసులో, 2003లో ఢిల్లీ హైకోర్టు యాంకర్ కంపెనీని నిలువరించింది.

మోడల్ ఈ చిన్న బ్రాండు ప్యాకెట్‌ని చూసి కాపీ కొట్టిందని నేననుకోను. ఆ బ్రాండు వాళ్ళూ, మన మోడలూ ఒకే పాత వాడుక నుంచి తీసుకున్నారు. అయినా సరే, రేపు కోర్టులో ఆ బ్రాండు యజమాని చెప్పబోయేది కొట్టాయన అన్న ఆ ఒక్క మాటే. మేం కావాలని చెయ్యలేదు, కంప్యూటర్ ఇచ్చింది అనడం ఇక్కడ పనికిరాదు. పాసింగ్ ఆఫ్‌లో మోసం చేయాలన్న ఉద్దేశం నిరూపించనక్కర్లేదు, జనం పొరబడితే చాలు.

డిజైనర్ వెంటనే సూర్యుణ్ణి కాస్త పసుపు చేస్తానన్నాడు, రిబ్బన్‌ని మెరూన్ చేస్తానన్నాడు. అలాంటి సర్దుబాట్లకి నేనొప్పుకోను. పోలిక వస్తున్నది అమరికలోంచి, రంగు ఛాయలోంచి కాదు. సగం సూర్యుడు, రిబ్బన్, కుడివైపు మనిషి అనే ముక్కోణంలో రెండు కాళ్ళు తీసేయాలి. సూర్యుణ్ణీ రిబ్బన్‌నీ పూర్తిగా తీయించి, చెక్క గానుగని మధ్యలోకి తెప్పించాం. గానుగ బొమ్మని ఏఐ సరిగ్గా వెయ్యలేదు, రోలుకీ రోకలికీ తేడా తెలీనట్టు వేసింది. చివరికి ఆయన గానుగనే ఫొటో తీసుకున్నాం. (శనక్కాయ నూనె అడిగితే ఒక మూలన పొద్దుతిరుగుడు పువ్వు కూడా పెట్టింది. అది ట్రేడ్‌మార్క్ సంగతి కాదు గానీ, లేబుల్ మీద లేని సరుకు బొమ్మ ఉంటే ఆహార శాఖ వాళ్ళతో వేరే తలనొప్పి.)

బ్యాక్‌గ్రౌండ్ సంగతి త్వరగా అయిపోతుంది, కానీ ఎవరూ చెయ్యరు. పౌచ్ సైజులో చూస్తే కనబడనివి పెద్దది చేస్తే కనబడతాయి. బొమ్మని తొమ్మిది ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ తెర నిండా చూస్తాను. లెన్స్‌లో కూడా మొత్తం బొమ్మకంటే ముక్కలే మంచి ఫలితాలిస్తాయి, ఎందుకంటే మొత్తం బొమ్మ పెడితే అది "పల్లెటూరు" దగ్గర ఆగిపోతుంది. అద్దంలో తిప్పినట్టు తిరగేసిన కాపీని కూడా వెతకడం మంచిది. ఈ రెండు పనులకీ ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్‌లో రెండు వరసలు చాలు.

```
magick pouch_v4.png -crop 3x3@ +repage tile_%d.png
magick pouch_v4.png -flop pouch_flop.png
```

మన బొమ్మలో ఇంటి పక్కనున్న టెంపో ముందుభాగం మీద ఒక వాహన కంపెనీ గుర్తుకి దగ్గరగా ఉన్న బిళ్ళ, అరుగు మీద అందరికీ తెలిసిన బిస్కెట్ ప్యాకెట్ రంగుల్లో ఒక పసుప్పచ్చ పొట్లం కనబడ్డాయి. రెండూ చెరిపేశాం. అంత చిన్న గుర్తు కోసం ఎవరైనా కేసు వేస్తారా అంటే బహుశా వెయ్యరు. చెరపడానికి పట్టేది కాసేపు, ఉంచితే వచ్చే లాభం సున్నా. మూలల్లో అలుక్కుపోయిన అక్షరాలుంటే మాత్రం ఊరుకోవద్దు. స్టేబుల్ డిఫ్యూజన్ పాత వెర్షన్లు కొన్నిసార్లు ఫొటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్ కంపెనీ వాటర్‌మార్క్‌ని కూడా బొమ్మలో వేసేవి. ఆ మోడల్ కంపెనీ మీద గెట్టీ వేసిన కేసులో 2025 నవంబర్‌లో లండన్ హైకోర్టు ఇచ్చిన తీర్పులో గెట్టీ నెగ్గిన కాస్త భాగమూ ఆ వాటర్‌మార్కుల మీదే, ట్రేడ్‌మార్క్ కింద. అలుక్కుపోయిన వాటర్‌మార్క్ కనబడిందంటే దాన్ని చెరిపి ముందుకెళ్ళడం కాదు, ఆ బొమ్మనే పక్కన పెట్టేయాలి.

ఇక ముఖాలు. ఇక్కడ చాలామంది ట్రేడ్‌మార్క్ కొలతనే వాడి దెబ్బతింటారు. ట్రేడ్‌మార్క్‌లో ప్రశ్న, కొనేవాళ్ళు పొరబడతారా అని. ముఖం విషయంలో ప్రశ్న, చూసినవాళ్ళు గుర్తుపడతారా అని. ఆ హీరో నిజంగానే ఈ నూనె వాడతాడని ఎవరూ నమ్మకపోయినా ఫరవాలేదు, గుర్తుపడితే చాలు. 2012లో టైటన్ కంపెనీ ప్రకటనలోని సినిమా నటుల బొమ్మ కేసులో ఢిల్లీ హైకోర్టు, 2015లో రజనీకాంత్ కేసులో మద్రాసు హైకోర్టు ఈ మాటే చెప్పాయి. మనిషి ఎవరో తెలిసిపోతున్నప్పుడు జనం మోసపోయారని వేరే రుజువు అక్కర్లేదు. రజనీకాంత్ కేసులో పేరు, రూపం, మాట్లాడే తీరు అన్నీ లెక్కలోకొచ్చాయి. మన దేశంలో దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు, కోర్టులే కట్టుకుంటూ వస్తున్నాయి. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వులు తెచ్చుకున్నారు. వాటిలో ఏఐతో చేసిన బొమ్మల ప్రస్తావన సూటిగానే ఉంది.

మన రైతు ముఖం ఎవరిది? నాకు చూడగానే ఒక సీనియర్ హీరో తట్టాడు. నాకు తట్టడం లెక్కలోకి రాదు, ఎందుకంటే వెతకడమే నా పని కాబట్టి పోలికలు ఇట్టే కనబడతాయి. తలపాగా, ఎడ్లు, పొలం అన్నీ కత్తిరించి, ముఖం ఒక్కటే ఉంచి, సరుకు కొనబోయేవాళ్ళలోనే వేర్వేరు వయసులవాళ్ళకి చూపించాలి. అడిగే తీరు ముఖ్యం. "ఇది ఫలానా హీరోలా ఉందా?" అని అడిగితే అందరూ ఔననే అంటారు. "చూస్తే ఎవరైనా గుర్తొస్తున్నారా?" అని అడిగి నోరు మూసుకోవాలి. ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు ఒకే పేరు చెబితే ఆ ముఖం పోవాల్సిందే. ఇది కోర్టు పెట్టిన లెక్క కాదు, నేను పెట్టుకున్న గీత. మన రైతు విషయంలో పేరు చెప్పినవాళ్ళకి పేరు చెప్పడానికి ఆలోచన కూడా అక్కర్లేకపోయింది.

అప్పుడు ఫైలు తెరిచి చూశాను. స్టేబుల్ డిఫ్యూజన్ వెబ్ యూఐలో చేసిన పీఎన్‌జీ ఫైల్లో, ఎవరూ తీసెయ్యకపోతే, ప్రాంప్టు మొత్తం లోపలే ఉంటుంది. ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో దాన్ని చూడొచ్చు.

```
exiftool -a -G1 -s pouch_v4.png
```

`Parameters` అన్న వరసలో ఆ హీరో పేరు ఉంది. కుర్రాణ్ణి పిలిచి అడిగాను. "ఆయన్నే వెయ్యమని కాదన్నా, మీసం, ఆ వయసు ఠీవి బాగా వస్తాయని పేరు తగిలించా, తర్వాత మార్చేశా కదా" అన్నాడు. మార్చినమాట నిజమే, ముక్కు కాస్త వెడల్పు చేశాడు. కానీ ఆ పేరు ఫైల్లో ఉన్నంతవరకు, పోలిక యాదృచ్ఛికం అని మనం చెప్పుకునే అవకాశమే లేదు. మనంతట మనమే రాసిచ్చిన సాక్ష్యమది. మెటాడేటా తీసేస్తే సరిపోతుంది కదా అని ఇంకొకరన్నారు. సాక్ష్యం మాయం చెయ్యడాన్ని తనిఖీ అనరు. పేరు లేని ప్రాంప్టుతో, వేరే సీడ్‌తో మళ్ళీ మొదట్నుంచీ చెయ్యమన్నాను. ఒకసారి పేరుతో పుట్టిన ముఖాన్ని ముక్కు, మీసం దిద్ది బయటపడెయ్యాలనుకోవడం దండగ. కళ్ళ మధ్య దూరం, దవడ, నవ్వు అవే ఉంటాయి, జనం గుర్తుపట్టేది వాటితోనే.

ముసలావిడ సంగతి ఇంకో రకం. క్లయింటు వాళ్ళమ్మ ఫోన్లో బొమ్మ చూసి, "మన నిర్మలమ్మ కదూ!" అని మురిసిపోయిందట. నిర్మలమ్మ ఇప్పుడు లేరు. ప్రాంప్టులో ఆవిడ పేరు కూడా లేదు. తెలుగు సినిమా చూసిన తరానికి బామ్మ అంటే ఆ ముఖమే కాబట్టి తట్టిందో, బొమ్మలోనే ఉందో తేల్చడం కష్టం. చట్టం ప్రకారం ఇక్కడ నేల కాస్త గట్టిగా ఉంది. మనిషి పోయాక ఈ హక్కులు వారసులకి ఆస్తిలా సంక్రమించవని 2021లో జయలలిత జీవితకథ సినిమా కేసులో మద్రాసు హైకోర్టు, 2023లో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ కేసులో ఢిల్లీ హైకోర్టు అన్నాయి. అయినా నేను ఆ ముఖాన్నీ మార్చమన్నాను. ఒక్కో హైకోర్టు మాట మీద సిలిండర్లు చెక్కించడం నాకు ఇష్టముండదు. పైగా పోయినవాళ్ళ ముఖం కూడా ఒక ప్రత్యేకమైన సినిమా స్టిల్‌ని పోలి ఉంటే, ఆ స్టిల్ మీద కాపీరైట్ నిర్మాతదో ఫొటోగ్రాఫర్‌దో బతికే ఉంటుంది. అది పూర్తిగా వేరే తగాదా.

మరి ఎవరికీ తెలియని మామూలు మనిషిని పోలి ఉంటే? వాళ్ళకీ హక్కుంటుంది, కానీ వాళ్ళని వెతికి పట్టుకునే దారి మనకి లేదు. ముఖాన్ని బట్టి మనుషుల్ని వెతికే వెబ్‌సైట్లున్నాయి. నేను వాడను. పోలికలున్న ముక్కూమొహం తెలీని జనాన్ని వరసగా చూపిస్తాయి, అందులో ఎవరి అనుమతి తీసుకుంటాం? ఇక్కడ బొమ్మని కాదు, బొమ్మ వచ్చిన దారిని చూడాలి. రిఫరెన్స్‌గా ఏదైనా నిజమైన ఫొటో ఇచ్చారా? పింట్రెస్ట్‌లో దొరికిన బామ్మ ఫొటో పెట్టి "ఇలాంటిదే చెయ్యి" అన్నారా? అన్నట్టయితే అక్కడితో ఆగిపోవాలి. ఫొటో తీసినవాళ్ళ కాపీరైటూ, ఫొటోలో ఉన్నావిడ హక్కూ రెండూ ఒకేసారి మెడకి చుట్టుకుంటాయి. అందుకే ఫైలుతోపాటు రిఫరెన్స్ బొమ్మలున్న ఫోల్డర్ కూడా పంపమంటాను. ఫోల్డర్ లేదన్నవాళ్ళ పని నేను ముట్టుకోను. ఈ ఒక్క విషయంలో మొండివాణ్ణని మా ఆఫీసులో పేరు కూడా తెచ్చుకున్నాను.

లైసెన్సు గురించి చివర రాస్తున్నానని దాన్ని తక్కువ చేస్తున్నట్టు కాదు. అందరూ మొదట అడిగేది అదే కాబట్టి, అక్కడితోనే ఆపేస్తారని భయం. "మా ప్లాన్‌లో కమర్షియల్ యూజ్ ఉంది" అంటారు. అది మీకూ ఆ టూల్ కంపెనీకీ మధ్య ఒప్పందం. ఆ కంపెనీ మీమీదికి రాదని మాత్రమే దానర్థం. హిందూపురం నూనె బ్రాండాయన గానీ, ఆ హీరో గానీ ఆ ఒప్పందంలో సంతకం పెట్టలేదు. ఆ ఒప్పందంలోనూ చదవాల్సినవి ఉంటాయి. మిడ్‌జర్నీలో ఏడాదికి పది లక్షల డాలర్లకి మించి ఆదాయం ఉన్న కంపెనీలైతే ప్రో లేదా మెగా ప్లాన్ ఉండాలి. చిన్న స్టూడియో చౌక ప్లాన్‌లో చేసి పెద్ద క్లయింటుకి ఇచ్చేముందు ఇది ఎవరికి వర్తిస్తుందో చూసుకోవాలి. సొంత కంప్యూటర్లో నడిపే మోడళ్ళలో ఫ్లక్స్ ష్నెల్‌కి అపాచీ 2.0 లైసెన్సుంది, అదే కుటుంబంలోని ఫ్లక్స్ డెవ్‌కి నాన్ కమర్షియల్ లైసెన్సు. వాటిమీద తగిలించే లోరాలనే చిన్న అదనపు ఫైళ్ళకి ఎవరి షరతులు వాళ్ళవి. లోరా పేరే ఒక నటి పేరయితే ఇక షరతులు చదవక్కర్లేదు, పక్కన పెట్టడమే.

ఇంకొకటి, క్లయింట్లకి రుచించనిది. ఈ బొమ్మని రేపు ఎవరైనా కాపీ కొడితే మనం ఆపగలమా అని అడిగారు మన నూనె ఆయన. మన కాపీరైట్ చట్టంలో కంప్యూటర్‌తో పుట్టిన కృతికి, దాన్ని పుట్టించిన వ్యక్తే కర్త అని 2(డి)(6) చెబుతుంది. ఆ మాట ఇలాంటి ఏఐ కోసం రాసింది కాదు. అమెరికా కాపీరైట్ ఆఫీసైతే ప్రాంప్టులు మాత్రమే రాస్తే కర్తృత్వం రాదని 2025 జనవరిలో తేల్చి చెప్పింది. అందుకని పౌచ్ మీద ఏది మీ గుర్తుగా నిలవాలనుకుంటారో, ఆ లోగో మాత్రం మనిషి చేత గీయించి, నమోదు చేయించుకోమన్నాను. వెనకనున్న పొలం ఎలా ఉన్నా పెద్ద నష్టం లేదు.

చివరికి పౌచ్ మీద మిగిలిన మనిషి ఒక్కరే. రైతు పోయాడు. బామ్మ స్థానంలో క్లయింటు పెద్దమ్మ ఫొటో వచ్చింది, బిందె లేకుండా, ఎడంవైపున. ఆవిడ చేత తెలుగులో రాసిన అనుమతి పత్రం మీద సంతకం చేయించాం. ఏ సరుకు మీద, ఏ రాష్ట్రాల్లో, ఎన్నేళ్ళు వాడుకోవచ్చో, పోస్టర్లకీ ఆన్‌లైన్ ప్రకటనలకీ వర్తిస్తుందో లేదో, ఆ ఫొటోని ఏఐతో మార్చి వేరే బొమ్మలు చెయ్యొచ్చో లేదో విడివిడిగా రాశాం. చివరి దానికి ఆవిడ వద్దన్నారు, అలాగే రాశాం. డబ్బు తీసుకోవడానికి సిగ్గుపడితే చెక్కు రాయించాం, ఎందుకంటే ప్రతిఫలం కనబడని ఒప్పందం రేపు బంధువుల మధ్య మాట పట్టింపు వస్తే నిలబడకపోవచ్చు.

సంతకం పెట్టేముందు క్లయింటు, "ఇక ఏ ఇబ్బందీ రాదని రాసివ్వండి సార్" అన్నాడు. అలాంటి కాగితం నేనివ్వను. నేనిచ్చిన కాగితంలో ఏ తేదీన ఏ వియన్నా కోడ్లతో ఏ తరగతిలో వెతికామో, ఏ ఊళ్ళలో ఏ అరల్లో పెట్టి చూశామో, ముఖాన్ని ఎంతమందికి ఏ ప్రశ్నతో చూపించామో, ప్రాంప్టు, సీడ్, మోడల్ పేరు, ఆరోజున్న ఒప్పందం కాపీ ఎక్కడ దాచామో రాశాను. కింద ఇంకొక వాక్యం ఉంది. తమిళనాడు అరలు చూడలేదు, అక్కడ అమ్మాలనుకుంటే ముందు చెప్పండి అని. రెండు నెలల తర్వాత హోసూరు డీలర్ దొరికాడని ఫోన్ చేశాడాయన. ఖాళీ పౌచ్ ఒకటి పంపమని చెప్పాను.